గజదొంగ కథను ఎంవీపీ కాలనీకి తేవడం: మూడు పరీక్షల జానపద కథను నగర కథగా మలిచే పద్ధతి

మూడు పరీక్షల జానపద కథను నేటి నగరానికి మార్చాలనుకున్నప్పుడు చాలామంది మొదట వేషాలు మారుస్తారు. రాజు కంపెనీ యజమాని అవుతాడు, గుర్రం కారు అవుతుంది, కోట అపార్ట్‌మెంటు అవుతుంది. కాగితం మీద అంతా సరిపోయినట్టే ఉంటుంది గానీ, రెండో పేజీకి వచ్చేసరికి పాఠకుడు ఒక చిన్న ప్రశ్న వేస్తాడు: "ఇంత అన్యాయమైన పరీక్ష పెడితే ఆ మనిషి ఒప్పుకోవడమెందుకు, వేరేచోట పని చూసుకోవచ్చు కదా?" పాత కథలో ఈ ప్రశ్నకు తావు లేదు. అక్కడ రాజు పరీక్ష పెడితే కాదనడానికి లేదు, టక్కరి గెలిస్తే రాజు మాట తప్పడానికీ లేదు. నగరానికి మార్చేటప్పుడు ముందుగా తెగిపోయేవి ఈ రెండు కట్లే. వాటిని మళ్ళీ ఎలా బిగించాలో, ఆ తర్వాత మూడు పరీక్షలను ఎలా అల్లాలో నేను విశాఖపట్నం నేపథ్యంగా రాసుకున్న ఒక కథను ముందు పెట్టుకొని వివరిస్తాను.

మొదటి మెట్టు: పాత కథను ఎముకల వరకు విప్పడం

నేను తీసుకున్నది గజదొంగ కథ. జానపద కథలను రకాలుగా విభజించే అంతర్జాతీయ సూచికలో దీని సంఖ్య 1525. జర్మన్ సోదరులు గ్రిమ్‌లు సేకరించిన సంపుటిలో ఇది 192వ కథ. ఊరికి తిరిగి వచ్చిన గజదొంగకు అక్కడి ప్రభువు మూడు పరీక్షలు పెడతాడు. భటులు కాపలా కాస్తున్న గుర్రాన్ని లాయం నుంచి దొంగిలించాలి. ప్రభువు దంపతులు పడుకొని ఉండగా వారి కింది దుప్పటిని, భార్య వేలి ఉంగరాన్ని తీసుకుపోవాలి. చివరికి చర్చి నుంచి మతగురువునే ఎత్తుకుపోవాలి. మూడూ నెగ్గితే ప్రాణం దక్కుతుంది.

ఈ దశలో పాత్రల పేర్లు, కాలం, దేశం అన్నీ తీసేసి, కథను ఏడెనిమిది వాక్యాల్లో రాసుకోవాలి. ఏం జరిగిందన్నది ఒక్కటే రాసుకుంటే చాలదు. ప్రతి పరీక్ష పక్కన, ఆ పరీక్షలో రాజు దేన్ని కాపలా కాశాడో, దేన్ని మరిచాడో రెండు ముక్కలు రాసుకోవాలి. గుర్రానికి కాపలా పెట్టిన ప్రభువు, ఆ కాపలావాళ్ళకు చలివేస్తుందని, మద్యం ఎదురైతే కాదనరని మరిచాడు. దుప్పటికి తానే కాపలా ఉన్న ప్రభువు, చీకట్లో తన గొంతును ఇంకొకరు అనుకరిస్తే భార్య పోల్చుకోలేదని మరిచాడు. ఈ జాబితా చేతిలో ఉంటే, గుర్రానికి బదులు ఏం పెట్టాలన్న ప్రశ్న దానంతటదే వెనక్కి పోతుంది. మనం నగరంలో వెతకవలసినవి వస్తువులు కావు, మరుపులు.

రెండో మెట్టు: రాజును వెతకడం, ఆ రాజుకు రెండు కట్లు వేయడం

నగరంలో రాజు అంటే డబ్బున్నవాడే కానక్కరలేదు. ఒక గేటు ఎవరి చేతిలో ఉందో ఆ మేరకు వాడే రాజు. నా కథలో రాజు ఎంవీపీ కాలనీలోని ఒక అపార్ట్‌మెంటు అసోసియేషన్ ప్రెసిడెంటు మూర్తి గారు. ఉద్యోగ విరమణ చేశారు. గేటుకు నాలుగు కెమెరాలు పెట్టించారు. వచ్చే పోయే ప్రతి మనిషినీ, ప్రతి వాహనాన్నీ వాచ్‌మన్ రిజిస్టరులో రాయాలి. టక్కరి పేరు అప్పలనరసమ్మ. అందరూ నరసమ్మ అంటారు. గేటు ఎదురుగా గన్నేరు చెట్టు కింద ఇస్త్రీ బండి. బొగ్గుల పెట్టె. ఇంటింటికీ వెళ్ళి బట్టలు తెచ్చుకొని, సాయంత్రం మడతలు తిరిగి ఇచ్చి వస్తుంది. మూర్తి గారు ఆ పనిని ఒక లాండ్రీ కంపెనీకి అప్పగించి, నరసమ్మను గేటు లోపలికి రానివ్వకూడదని జనరల్ బాడీ మీటింగులో ప్రతిపాదిస్తారు.

మొదటి కట్టు టక్కరికి: ఆమె ఎందుకు లేచిపోదు? నా మొదటి చిత్తుప్రతిలో ప్రెసిడెంటు బండిని ఫుట్‌పాత్ మీద నుంచి తీయిస్తానని బెదిరిస్తాడు. చదివిన మిత్రుడు వెంటనే పట్టుకున్నాడు: వీధి వ్యాపారుల రక్షణకు 2014లో కేంద్ర చట్టం వచ్చింది, వీధిలో సేవలందించేవారు కూడా దాని కిందికి వస్తారు, ఆమె అక్కడికి వెళ్ళవచ్చు కదా అన్నాడు. నగర కథలో చట్టం ఒక తలుపు. పాఠకుడికి కనిపించే ప్రతి తలుపునూ తట్టి చూపాలి, తెరుచుకోదని నిరూపించాలి; అటువైపు చూడనట్టు నటించకూడదు. అందుకే బెదిరింపునే మార్చాను. ఫుట్‌పాత్ మీద ప్రెసిడెంటుకు అధికారం లేదు, గేటు మీద ఉంది. దాన్ని నరసమ్మ ఒక్క మాటలో చెబుతుంది:

"కాయితం ఉంది బాబూ. కాయితం సూపితే బండి నిలబడతాది. గేటు మూసేసినాక బట్టలు ఎవులిస్తారు?"

రెండో కట్టు రాజుకు: ఓడిపోయాక ఆయన మాట ఎందుకు తప్పడు? నగరంలో పరువు గురించి ఎంత చెప్పినా పాఠకుడు నమ్మడు. ఆయన స్వభావంలో ఉన్నదే ఆయనను కట్టిపడేయాలి. మూర్తి గారికి రాతలో ఉన్నదే నిజం. "ఈ గేటు దాటి నాకు తెలియకుండా చీమ కూడా వెళ్ళదు" అని ఆయన మీటింగులో అనడం, బట్టల మూట ఇవ్వడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్న నరసమ్మ "మూడు సార్లు ఎల్తాది బాబూ" అనడం, అందరూ నవ్వడం, ఆ నవ్వు మీద ఆయన పందేన్ని మినిట్స్ పుస్తకంలో రాయించి కింద సంతకం చేయడం, ఇదంతా అర పేజీలో అయిపోవాలి. మినిట్స్‌లో రాసినదాన్ని కొట్టివేసిన చరిత్ర ఆయనకు లేదు. పాత కథలోని రాజు మాటకు ఇక్కడ ఈ పుస్తకం సాటి.

ఈ రెండు కట్లూ బిగిశాయో లేదో తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. కథను ఇక్కడి వరకే ఎవరికైనా నోటితో చెప్పి ఆపాలి. విన్నవారు "తర్వాత ఏం చేసింది?" అంటే కట్లు నిలిచాయి. "అసలు ఆమె..." అని మొదలుపెడితే ఎక్కడో వదులుగా ఉందన్నమాట.

మూడో మెట్టు: రాజు గుడ్డితనాన్ని ఒక్క వాక్యంలో రాయడం

ఈ పనిలో నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. మూడు పరీక్షలకు మూడు వేర్వేరు తెలివితేటలు చూపించాలనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. అలా రాస్తే టక్కరి గారడీవాడు అవుతాడు. మూడో పరీక్ష తర్వాత నాలుగోది చేర్చినా, రెండోది తీసేసినా కథకు ఏమీ కాదు. మూడు పరీక్షలూ ఒకే గుడ్డితనాన్ని మూడు లోతుల్లో తాకాలి. నా కథకు ఆ వాక్యం ఇది: మూర్తి గారు వస్తువులను కాపలా కాస్తారు గానీ, ఆ వస్తువులను రోజూ ముట్టుకునే మనుషులను లెక్కలోకి తీసుకోరు.

వాక్యం దొరికాక పరీక్షలను వెనక నుంచి ముందుకు కట్టాలి. డెన్మార్క్ జానపద పరిశోధకుడు ఆక్సెల్ ఓల్రిక్ 1909లో ప్రచురించిన వ్యాసంలో మౌఖిక కథలకు కొన్ని నియమాలు గుర్తించాడు. అందులో మూడు అనే సంఖ్య ఒకటి. వరుసలో చివరిదాని మీదే బరువు పడుతుందన్నది మరొకటి. బరువు మోసేది మూడోది కాబట్టి, దాన్ని తేల్చుకోకుండా మొదటిదాన్ని రాయడం మొదలుపెడితే ఉన్న మంచి ఎత్తు అక్కడే ఖర్చయిపోతుంది. నేనైతే ముందు మూడోదాన్ని పూర్తిగా ఊహించుకొని, దానికి కావలసిన సామగ్రిని మొదటి రెండింటిలో ఎక్కడ దాచాలో తర్వాత చూసుకున్నాను. ఇక్కడ వివరించేది మాత్రం పాఠకుడు చదివే క్రమంలోనే.

నాలుగో మెట్టు: మొదటి పరీక్ష, ఎత్తు పారుతుందో లేదో చేసి చూడడం

గుర్రం స్థానంలో మూర్తి గారి పాత స్కూటరు. మూడు రోజుల్లో అది సెల్లార్ నుంచి గేటు బయటికి రావాలి. మొదట నేను రాసిన ఎత్తు వాచ్‌మన్‌కు డబ్బు ఇవ్వడం. అది రాసిన రాత్రి బాగానే అనిపించింది, పొద్దున చదివితే ఏమీ లేదు. డబ్బు ఎవరైనా ఇవ్వగలరు. టక్కరి చేతిలో ఉండవలసింది ఆ మనిషికి మాత్రమే సాధ్యమైన పనిముట్టు. నరసమ్మ దగ్గర ఉన్నది వేడి. బయట ఉన్నది ప్రెసిడెంటు పెట్టిన నిబంధన: అసోసియేషన్ స్టిక్కరు లేని వాహనం రాత్రి పదకొండు తర్వాత సెల్లార్‌లో కనిపిస్తే వాచ్‌మన్ దాన్ని గేటు బయటికి నెట్టాలి.

ఆమె మడతల దొంతరతో లిఫ్టు వైపు వెళ్తూ, అప్పుడే పెట్టె కింద నుంచి తీసిన మందపాటి తువాలును స్కూటరు ముందు భాగం మీద పెట్టి, బట్టలు లెక్క చూసుకుంటున్నట్టు కాసేపు నిలబడుతుంది. వేడికి జిగురు మెత్తబడుతుంది. మూర్తి గారు ఆ సమయంలో కెమెరాలో చూస్తూనే ఉంటారు. ఆమె తాళం జోలికి పోలేదని సంతృప్తి పడతారు. ఆ రాత్రి వాచ్‌మన్ తన బాధ్యత ప్రకారం స్కూటరును నెట్టుకొచ్చి, ఖాళీ ఉన్న చోట, అంటే ఇస్త్రీ బండి పక్కన నిలబెడతాడు. రిజిస్టరులో సమయంతో సహా రాస్తాడు.

ఇటువంటి ఎత్తును రాసే ముందు చేసి చూడాలి. నేను మా ఇంటి బండి మీద పాత స్టిక్కరుకు వేడి తువాలు పెట్టి చూస్తే ఒకసారికి అంచు మాత్రమే లేచింది. గట్టిగా లాగితే చిరిగి సగం అక్కడే ఉండిపోయింది. అందుకే కథలో ఆమె రెండు రోజులు వరుసగా అదే చోట బట్టలు లెక్కపెడుతుంది. రెండో రోజు తువాలుతోపాటు స్టిక్కరు కూడా వచ్చేస్తుంది. ప్రయోగం వల్ల నాకు దొరికిన లాభం వాస్తవికత ఒక్కటే కాదు: ఆమె రెండోసారి అక్కడే ఆగడం పాఠకుడికి ఒక ఆనవాలుగా కూడా పనికివచ్చింది.

చేసి చూస్తే మరికొన్ని చిల్లులు బయటపడతాయి. స్కూటరుకు హ్యాండిల్ లాకు ఉంటుంది కదా? అది పాడైందని మొదటి పేజీలోనే, ఖర్చు గురించి ఆయన భార్యతో వాదించే సందర్భంలో చెప్పాను. గొలుసు వేయవచ్చు కదా? వేస్తే తన గేటు మీద తనకే నమ్మకం లేనట్టవుతుంది. వాచ్‌మన్ ప్రెసిడెంటు స్కూటరును గుర్తుపట్టడా? పట్టడు, ఎందుకంటే అతడు కొత్తవాడు. ఆయన ఏ వాచ్‌మన్‌నూ రెండు నెలలు ఉండనివ్వడు. పందెం సంగతి అతనికి చెప్పరు కూడా, చెబితే అమ్ముడుపోతాడని భయం. ఈ జవాబుల్లో చివరి రెండూ మూడో మెట్టులోని వాక్యం నుంచే వచ్చాయి. చిల్లును పూడ్చేటప్పుడు కొత్త కారణం కల్పించకుండా రాజు స్వభావాన్నే వాడుకోగలిగితే, ఆ అతుకు కనిపించదు.

ఐదో మెట్టు: రెండో పరీక్షను కుదించడం, దిశ మార్చడం

రెండో పరీక్ష పాత కథలో ఉన్నదే: ఆయన పడుకునే దుప్పటి ఏడు రోజుల్లో ఇస్త్రీ బండి మీదికి రావాలి. ఇక్కడ రచయితకు ఎదురయ్యే ప్రమాదం, మొదటి పరీక్ష నడకనే మళ్ళీ నడవడం. పాఠకుడు ఇప్పుడు నరసమ్మ చేతుల వైపే చూస్తుంటాడు. కాబట్టి ఆమె చేతులు ఖాళీగా ఉండాలి. నేను ఆమెతో గడువు తేదీ ఎంచుకోవడం తప్ప మరేమీ చేయించలేదు. ఆమె ఎంచుకున్నది రోహిణి కార్తె.

రోళ్ళు పగిలే ఎండ అని మిగతా ప్రాంతాల వాళ్ళు అంటారు గానీ, విశాఖలో ఆ రోజుల్లో బాధించేది సముద్రపు ఉక్క. మూర్తి గారు దుప్పటి మూలన సిరాతో గుర్తు పెట్టి, మంచం దిగకుండా కాపలా మొదలుపెడతారు. కాఫీ మంచం మీదే, ఆవకాయ అన్నం మంచం మీదే. కరెంటు పోయినా లేవరు. నాలుగో రోజు తెల్లవారుజామున ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు భార్య ఆ దుప్పటిని రెండు వేళ్ళతో పట్టుకొని తీసి ఉతుక్కు వేస్తుంది, మధ్యాహ్నానికి మిగతా బట్టలతో కలిపి ఇస్త్రీకి పంపుతుంది. ఆయన కేకలు వేస్తే ఆమె జవాబు ఒక్కటే: "పందెం మీ ఇద్దరిదీ. ఉతుకు నాది." అంటే దుప్పటిని పోగొట్టింది ఆయన కాపలానే.

మూడు వేల మాటల కథలో ఈ పరీక్షకు నేను నాలుగు వందల మాటలకు మించి ఇవ్వలేదు. మొదటిదానికి ఎనిమిది వందలు, మూడోదానికి వెయ్యి. రెండోది చిన్నదిగా, కాస్త నవ్వు పుట్టించేదిగా ఉంటేనే మూడోదానికి ముందు పాఠకుడికి ఊపిరి అందుతుంది. అయితే ఈ చిన్న చోటులోనే మూడో పరీక్షకు కావలసిన విత్తనం కూడా నాటాలి. భార్య దుప్పటి మూటగడుతూ నరసమ్మతో, "వాన పడితే పక్కింటి వాళ్ళ చెప్పులు కూడా లోపల పెట్టి వస్తారమ్మా ఈయన. ఏదీ పాడవడం చూడలేరు" అంటుంది. ఫిర్యాదులాగా అంటుంది. నరసమ్మ ఏమీ అనదు, మూట ఎత్తుకుంటుంది. ఆ మాట పొగడ్తలాగా వినిపిస్తే పాఠకుడు దాన్ని దాచుకొని మూడో పరీక్షను ముందే ఊహిస్తాడు. విసుగులాగా వినిపిస్తే మరిచిపోతాడు.

ఆరో మెట్టు: మూడో పరీక్షలో వరుసను విరగ్గొట్టడం

మూడోది మతగురువును ఎత్తుకుపోయే ఘట్టం. పాత కథలో దొంగ పీతల వీపున కొవ్వొత్తులు వెలిగించి వదిలి, తాను స్వర్గద్వారం తెరిచే సెయింట్ పీటర్‌నని నమ్మించి, స్వర్గానికి తీసుకుపోతానని గురువును సంచిలోకి ఎక్కిస్తాడు. అంటే భక్తిని ఎరగా వేస్తాడు. దాన్ని ఉన్నదున్నట్టు విశాఖకు తేవాలన్న ఆలోచన నాకూ వచ్చింది. సింహాచలం గిరి ప్రదక్షిణ చేతికి అందేంత దూరంలోనే ఉంది. కానీ భక్తుడిని వెర్రివాడిగా చూపిస్తే కథ మూర్తి గారి గుడ్డితనం నుంచి పక్కకు జారి, మరో గొడవలో పడుతుంది. అందుకే ప్రదక్షిణను ఎరగా కాక, రాత్రంతా జనం నడిచే సమయంగా మాత్రమే వాడుకున్నాను.

పరీక్ష ఇది: ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సూర్యాస్తమయం నుంచి మర్నాడు సూర్యోదయం లోపల మూర్తి గారు తన కాళ్ళతో, తన ఇష్టంతో గేటు దాటి ఇస్త్రీ బండి దగ్గర నిలబడాలి. ఆయన ఇంట్లో కూర్చుంటే చాలు, గెలుస్తారు. ఇక్కడ పాఠకుడికి గుర్తొచ్చే పాత ఎత్తు ఒకటుంది: "నిన్ను బయటికి రప్పించలేను గానీ, బయట ఉంటే లోపలికి రప్పించగలను" అనడం, అవతలివాడు పరీక్షించడానికి బయటికి వచ్చేయడం. నేను దీన్ని తప్పించుకోలేదు, నరసమ్మ చేతే అనిపించాను. మూర్తి గారు నవ్వి, "ఇది మా తాత చెప్పిన కథే" అంటారు. తెలిసిన దారిని అలా పాత్రల ఎదుటే మూసేస్తే, పాఠకుడు ఇంకో దారి కోసం మళ్ళీ కళ్ళు తెరుస్తాడు.

అసలు జరిగేది వేరు. సింహగిరి చుట్టూ సుమారు 32 కిలోమీటర్ల ఆ నడక దారి ఎంవీపీ కాలనీ మీదుగా పోతుంది. ఆ సాయంత్రం నరసమ్మ అన్ని ఫ్లాట్ల బట్టలనూ మడతపెట్టి బండి మీద దొంతరలుగా పేర్చి, టార్పాలిన్‌ను బండి కిందే వదిలి, నడిచే జనంలో కలిసి తానూ ప్రదక్షిణకు వెళ్ళిపోతుంది. మూర్తి గారు కెమెరా ముందు కూర్చొని ఉంటారు. తెర మీద వేలమంది పోతుంటారు, మధ్యలో కాపలా లేని బట్టలు. పదింటికి వాచ్‌మన్‌కు ఫోన్ చేస్తారు. అతడు ఆయన రాసిన నిబంధనను ఆయనకే చదివి వినిపిస్తాడు: ఏ కారణం చేతనైనా గేటు విడిచి కదలరాదు. పన్నెండు దాటాక కెమెరా అద్దం మీద మొదటి చినుకు పడుతుంది. ఈ భాగం నా చిత్తులో ఇలా ఉంది:

"చినుకు తెర మీద చిన్న మచ్చలా కనిపించింది. మూర్తి గారు జేబురుమాలుతో తెర తుడిచారు. మచ్చ పోలేదు. రెండోది పడింది. పై దొంతరలో తెల్ల చొక్కా ఒకటి ఉంది. రెండో అంతస్తు కుర్రవాడిది, మర్నాడు ఇంటర్వ్యూ ఉందని లిఫ్టులో చెప్పాడు. ఆయన మినిట్స్ పుస్తకం వంక చూశారు. గోడ మీద గడియారం వంక చూశారు. సూర్యోదయానికి ఇంకా అయిదు గంటలు. గొడుగు తలుపు వెనకే ఉంది."

ఇందులో ఆయన మోసపోవడం లేదు. బయటికి వెళ్తే ఓడిపోతానని తెలిసే వెళ్తారు. టార్పాలిన్ కప్పి, ఒక అంచును కాలితో తొక్కి పట్టుకొని, తెల్లవారేదాకా గొడుగు పట్టుకొని ఇస్త్రీ బండికి కాపలా నిలబడతారు. మొదటి రెండు పరీక్షల్లో నరసమ్మ ఆయన కాపలా కాసేదాన్ని బయటికి తెచ్చింది. మూడోదాంట్లో ఆయనకు కాపలా కాయడానికి ఇంకొకటి అప్పగించింది. వరుస ఇలా తిరగబడితే తప్ప మూడో పరీక్షకు బరువు రాదు. "మరింత కష్టమైన దొంగతనం" అన్నది బరువు కాదు, కొలత మాత్రమే.

పందెంలో టక్కరికి కూడా ఏదో పోయే ప్రమాదం ఉండాలి. ఆయన రాకపోతే అన్ని ఇళ్ళ బట్టలూ తడిసి నరసమ్మ పని పోయేది, పరువు కూడా పోయేది. ఆమె లెక్క తప్పే అవకాశం నిజంగా ఉందని చూపడానికి, వాన మొదలైనప్పుడు ఆమె ఎక్కడో మాధవధార దగ్గర ఆగి ఆకాశం వైపు చూసే రెండు వాక్యాలు పెట్టాను. ఆ రెండు వాక్యాలు తీసేస్తే ఆమె దేవతలాగా మారిపోతుంది.

ఏడో మెట్టు: పునరుక్తిని కాగితానికి తగ్గట్టు సవరించడం

నోటితో చెప్పే కథలో ఒకే మాట మూడుసార్లు వస్తే శ్రోతకు ఆసరా. కాగితం మీద మూడు పేరాలు ఒకే తీరున మొదలైతే పాఠకుడు దాటవేస్తాడు. నేను ఒక్క మాటనే మూడుసార్లు నిలిపాను: ప్రతి పరీక్ష తర్వాత మూర్తి గారు రిజిస్టరు తెప్పించుకొని చూస్తారు. మొదటిసారి అందులో తన స్కూటరు నంబరు, వాచ్‌మన్ రాతలో. రెండోసారి ఆ దుప్పటి ఎక్కడా రాసి ఉండదు, ఎందుకంటే బట్టల మూటలు నమోదు చేయాలని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. మూడోసారి సంగతి చివర చెబుతాను. పునరుక్తి అంటే ఒకే పని చేయడం, ప్రతిసారీ వేరే ఫలితం చూడడం.

భాష విషయం ఇక్కడే చెప్పాలి. కథనమంతా మామూలు రాత తెలుగులో ఉంచి, నరసమ్మ మాటను మాత్రం ఉత్తరాంధ్ర యాసలో రాశాను: నేదు, సూడండి, బేగి, ఎవులు, ఏటి. పలుకు ప్రతి అక్షరాన్నీ పట్టుకోవాలని చూస్తే పాఠకుడు యాసను చదువుతాడు గానీ మాటను వినడు. ఒక వాక్యంలో రెండు మూడు చోట్ల చాలు. ఒకసారి "సూడండి" అని రాశాక, తర్వాతి పేజీలో ఆమె నోట "చూడండి" రాకూడదు. దీనికోసం ఆమె సంభాషణలన్నీ విడిగా ఒకచోట పెట్టుకొని ఒకేసారి చదవడం మంచిది. అలాగే మూర్తి గారు ఆమెను చివరి దాకా "నువ్వు" అంటారు, ఆమె "బాబూ" అంటుంది. ఓడిపోయాక హఠాత్తుగా "మీరు" అనిపించాలన్న కోరిక నాకు కలిగింది, కానీ అది రచయిత మాట అవుతుంది తప్ప ఆయన మాట కాదు.

ఎనిమిదో మెట్టు: ఇద్దరు పాఠకులతో పరీక్షించడం

కథను ఇద్దరికి ఇవ్వాలి. మొదటివారికి ప్రతి పరీక్షలో ఎత్తు బయటపడే పేరాకు ముందు ఆపి, ఏం జరగబోతోందో అడగాలి. సరిగ్గా చెప్పేస్తే ఆనవాలు మరీ పైకి ఉంది. రెండోవారికి మొత్తం చదివించి, ఈ ఎత్తు ముందెక్కడైనా కనిపించిందా అని అడగాలి. ఎక్కడా కనిపించలేదంటే ఆనవాలు కాగితం మీద లేదు, మన మనసులోనే ఉండిపోయింది. నా కథలో మొదటి పరీక్ష నిలిచింది, మూడోది రెండుసార్లు పడిపోయింది. మొదటిసారి చెప్పుల మాట మరీ స్పష్టంగా ఉండి ఊహించేశారు. రెండోసారి అది అసలే కనిపించక, మూర్తి గారు హఠాత్తుగా మంచివాడైపోయారన్నారు. ఆ మాటను దుప్పటి గొడవ మధ్యకు జరిపాకే కుదిరింది.

ముగింపు విషయంలో నేను ఎక్కువ కొట్టివేతలు చేశాను. నరసమ్మ తెల్లవారి తిరిగి రావడం, ఆయన ఓటమి ఒప్పుకోవడం, మీటింగులో కొత్త తీర్మానం, ఇవన్నీ ఒక చిత్తులో రెండు వందల మాటలు తీసుకున్నాయి. పందెం షరతు మినిట్స్‌లో ముందే రాసి ఉంది కాబట్టి ఫలితాన్ని మళ్ళీ చెప్పనక్కరలేదని చివరికి అర్థమై, అన్నీ తీసేశాను. ఇప్పుడు కథ గేటు దగ్గర ఆగుతుంది. తడిసిన పంచెతో మూర్తి గారు వాచ్‌మన్ దగ్గర రిజిస్టరు తీసుకొని, "బయటికి వెళ్ళినవారు" అన్న గడిలో తన పేరు, రాత్రి 12.40 అన్న సమయం, "పని" అన్న గడిలో "ఇస్త్రీ బండి" అని రాస్తారు. "తిరిగి వచ్చిన సమయం" గడి దగ్గర కలం ఆగుతుంది, ఎందుకంటే నరసమ్మ ఇంకా రాలేదు.